ఆఖరి పనిరోజున సహోద్యోగులకు వీడ్కోలు మెయిల్ ఎలా రాయాలి

వీడ్కోలు మెయిల్‌ను పంపిన రోజునే అందరూ చదువుతారు. కానీ దాని అవసరం నిజంగా పడేది నాలుగైదు నెలల తర్వాత. మీతో పనిచేసిన ఒకరికి మీతో మాట్లాడాల్సి వస్తుంది. ఉద్యోగం మారుతూ తన గురించి రెండు మంచి మాటలు చెప్పమని అడగడానికో, ఇంట్లో శుభకార్యానికి పిలవడానికో, ఊరికే ఎలా ఉన్నారో తెలుసుకోవడానికో. మీ పాత ఆఫీసు అడ్రసుకు రాస్తే అది వెనక్కి వచ్చేస్తుంది. అప్పుడు వాళ్లు తమ మెయిల్‌బాక్స్‌లో మీ పేరు కొట్టి వెతుకుతారు. ఆ వెతుకులాటలో మొట్టమొదట దొరకాల్సింది మీ వీడ్కోలు మెయిల్. తెరవగానే వాళ్లకు కనిపించాల్సింది పనిచేసే ఒక అడ్రసు. ఎవరికి పంపాలి, ఏ సబ్జెక్ట్ పెట్టాలి, ఎంత రాయాలి, ఏ గంటకు పంపాలి అన్నవన్నీ ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుంటే వాటంతట అవే తేలతాయి.

వారం ముందు: మీ వివరాలు మీ చేతిలోకి తెచ్చుకోండి

మెయిల్ రాయడం ఆఖరి రోజు పనే కావచ్చు. దానికి కావాల్సిన సరంజామా మాత్రం వారం ముందే సిద్ధం చేసుకోవాలి. ఎందుకంటే మీరు మీ సొంతం అనుకుంటున్న వివరాల్లో కొన్ని ఆఫీసువే అయి ఉండొచ్చు.

మొదట లింక్డ్‌ఇన్ చూడండి. చాలామంది ఎప్పుడో ఆఫీసు మెయిల్‌తోనే అక్కడ ఖాతా తెరిచి ఆ సంగతి మరిచిపోతారు. ఆఫీసు మెయిల్ మూతపడ్డాక పాస్‌వర్డ్ గుర్తులేకపోతే, కొత్త పాస్‌వర్డ్ కోసం లింక్డ్‌ఇన్ పంపే మెయిల్ మీరిక తెరవలేని పెట్టెలోకి పోతుంది. అన్నేళ్లుగా కూడబెట్టుకున్న పరిచయాలన్నీ తాళం వేసిన గదిలో ఉండిపోతాయి. సెట్టింగ్స్‌లో Sign in & security కింద Email addresses అని ఉంటుంది. అక్కడ మీ సొంత మెయిల్ చేర్చి, దాన్నే ప్రధాన అడ్రసుగా మార్చండి. సరిచూసుకోమని వచ్చే మెయిల్ తెరిచి ఆమోదించాక, ఆఫీసు అడ్రసును తీసేయండి. అదే సమయంలో మీ ప్రొఫైల్ లింకు కూడా చూడండి. చివర అర్థంలేని అంకెలు ఉంటే తీసేసి పేరు మాత్రమే ఉండేలా మార్చుకోవచ్చు. మెయిల్‌లో చిన్న లింకు చూడ్డానికి బాగుంటుంది, కాగితం మీద రాసుకోవడానికీ పనికొస్తుంది.

తర్వాత ఫోన్. సిమ్ ఆఫీసుదైతే ఆ నంబరు మీతో రాదు. దాన్నే వాట్సాప్‌కు వాడుతుంటే, సిమ్ తిరిగి ఇచ్చే ముందే వాట్సాప్ సెట్టింగ్స్‌లోని Change number ద్వారా సొంత నంబరుకు మారిపోండి. వీడ్కోలు మెయిల్‌లో నంబరు రాసేటప్పుడు ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్ పెట్టండి. రేపు మీరు గానీ వాళ్లు గానీ వేరే దేశంలో ఉండొచ్చు.

ఇక మెయిల్ అడ్రసు. మీరు రోజూ తెరిచేదే ఇవ్వండి. వీడ్కోలు కోసమని కొత్తగా ఒకటి తెరిస్తే రెండు నెలల్లో దాన్ని చూడడం మానేస్తారు. అందులో మీ పేరు ఎంతో కొంత కనిపించాలి. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న ముద్దుపేరుతో మెయిల్ వస్తే, అది మీరేనని గుర్తుపట్టడం అవతలివాళ్లకు కష్టం. ఒక చిన్న పరీక్ష కూడా చేయండి. మీ సొంత మెయిల్‌కు రెండు మాటలు రాయమని పక్క సీటులోని సహోద్యోగిని అడగండి. అది ఇన్‌బాక్స్‌లో పడిందా, స్పామ్‌లోకి పోయిందా చూడండి. స్పామ్‌లోకి పోతే అది స్పామ్ కాదని గుర్తుపెట్టండి. వీడ్కోలు మెయిల్‌కు వచ్చే జవాబులు చాలావరకు అదే కంపెనీ నుంచి వస్తాయి గనక ఈ ఐదు నిమిషాల పని ఎంతో మేలు చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అందరి అడ్రసులూ మీరే తీసుకుపోదామని ఆఫీసు డైరెక్టరీని ఫైలుగా చేసి సొంత మెయిల్‌కు పంపుకోకండి. చాలా కంపెనీల్లో అది నిబంధనలకు విరుద్ధం. రాజీనామా ఇచ్చినవాళ్లు బయటికి పంపే ఫైళ్లమీద నిఘా ఎక్కువగా ఉండడమూ మామూలే. మంచి పేరుతో వెళ్లాల్సిన రోజున సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. పద్ధతైన దారి దీనికి తలకిందులుగా ఉంటుంది. మీ అడ్రసు మీరివ్వండి, వాళ్లను రాయనివ్వండి. ఎవరు రాస్తే వాళ్ల వివరాలు వాళ్ల ఇష్టంతోనే మీకు అందినట్టు.

మేనేజర్‌ను అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటిది, నా మెయిల్ సరిగ్గా ఏ గంటకు ఆగిపోతుంది? ఆఖరి రోజు అంటే సాయంత్రం దాకా అనుకుంటాం. కొన్నిచోట్ల లాప్‌టాప్ అప్పగించగానే ఆపేస్తారు, కొన్నిచోట్ల మధ్యాహ్నానికే. రెండోది, నా పని ఎవరు చూస్తారు, వాళ్ల పేరు మెయిల్‌లో రాయొచ్చా? అవతలి మనిషికి ఇంకా చెప్పకముందే మీ మెయిల్‌లో వాళ్ల పేరు కనబడితే ఇద్దరికీ ఇబ్బంది. మూడోది, ఏయే గ్రూపులకు పంపొచ్చు? మొత్తం కంపెనీకి వెళ్లే గ్రూపు అడ్రసుకు పంపాలంటే చాలాచోట్ల అనుమతి కావాలి. అనుమతి లేకుండా పంపితే మెయిల్ ఎక్కడో ఆమోదం కోసం ఆగిపోతుంది. అది ఆమోదం పొందేసరికి మీరు వెళ్లిపోయి ఉంటారు.

ఉద్యోగంలోంచి తీసేస్తున్నారనే సూచనలుంటే ఈ సమయం దొరకకపోవచ్చు. పిలిచి చెప్పిన కాసేపటికే మెయిల్ ఆగిపోయే సందర్భాలుంటాయి. అలాంటప్పుడు లింక్డ్‌ఇన్ సందేశాలే దారి. అందుకైనా ఆ ఖాతా ముందే మీ సొంత మెయిల్‌కు మారి ఉండాలి.

ఎవరికి పంపాలి, ఎలా పంపాలి

ఒకే మెయిల్ అందరికీ సరిపోదు. మీతో రోజూ పనిచేసినవాళ్లు, అప్పుడప్పుడూ పనిపడినవాళ్లు, కంపెనీ బయటి కస్టమర్లు వేరువేరు. కస్టమర్లను ఈ మెయిల్‌లో కలపకండి. వాళ్లకు పని ఎవరికి అప్పగించారో చెప్పే ఉత్తరం వేరుగా, మేనేజర్‌కు చూపించి పంపాలి. అందులో మీ సొంత ఫోన్ నంబరు పెట్టకపోవడమే మర్యాద. కస్టమర్‌ను వెంట తీసుకుపోతున్నారన్న అనుమానానికి చోటివ్వకూడదు.

మిగిలినవాళ్లకు పెద్ద మెయిల్ ఒకటి, ఐదారుగురు దగ్గరివాళ్లకు విడివిడిగా చిన్న మెయిళ్లు, ఇదీ నేను మేలనుకునే ఏర్పాటు. పెద్ద మెయిల్‌లో To దగ్గర మీ సొంత ఆఫీసు అడ్రసు పెట్టి, మిగతా పేర్లన్నీ Bcc లో పెట్టండి. Bcc లో ఉన్నవాళ్లు Reply All నొక్కినా జవాబు మీకే వస్తుంది, తోటివాళ్లకు పోదు. లేకపోతే నలభైమంది శుభాకాంక్షలు నలభైమంది ఇన్‌బాక్సుల్లో గంటల తరబడి మోగుతూనే ఉంటాయి. పైగా అందరూ చూస్తారంటే ఎవరూ మనసులో మాట రాయరు. ఒక్కరికే వెళ్తుందని తెలిస్తే ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్నది రాస్తారు. ఆ ఉత్తరాలే దాచుకోదగ్గవి.

చిన్న టీమ్ అయితే, పదిమంది లోపు అయితే, పేర్లన్నీ To లోనే కనబడనివ్వండి. అక్కడ దాపరికం దూరంగా అనిపిస్తుంది.

సబ్జెక్ట్ లైన్

"థ్యాంక్యూ", "వీడ్కోలు", "ఇక సెలవు" లాంటి ఒక్క మాట పెడితే ఆ రోజుకు బాగానే ఉంటుంది. కానీ నాలుగు నెలల తర్వాత వెతికేవాళ్లకు అలాంటి సబ్జెక్ట్‌తో పది మెయిళ్లు దొరుకుతాయి, ఎందుకంటే వెళ్లిపోయిన ప్రతివాళ్లూ అదే పెట్టారు. మీ పేరు, మీ టీమ్, సంప్రదించే వివరాలు లోపల ఉన్నాయన్న సంగతి, ఈ మూడూ సబ్జెక్ట్‌లోనే ఉంటే మెయిల్ తెరవకముందే పని తెలుస్తుంది.

మాధవి అనే ఆవిడ ఒక కంపెనీ బిల్లింగ్ విభాగంలో ఆరేళ్లు పనిచేసి వెళ్తున్నారనుకుందాం. ఆమె సబ్జెక్ట్ ఇలా ఉండొచ్చు: "సెలవు తీసుకుంటున్నాను – మాధవి, బిల్లింగ్ – నా సొంత మెయిల్ లోపల ఉంది".

మెయిల్ లోపల

స్క్రీన్ మీద ఒక్కసారిగా కనబడేంత చాలు. అంతకు మించితే కిందున్న అడ్రసు దాకా చాలామంది రారు. మొదటి వాక్యంలోనే ఇవాళ ఆఖరి రోజని చెప్పేయండి. కథగా మొదలుపెట్టి చివర్లో చెబితే, సగంలో ఆపినవాళ్లకు అసలు విషయం తెలియదు.

తర్వాత కృతజ్ఞత. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "మీ అందరి సహకారానికి ధన్యవాదాలు" అన్న వాక్యం ఏ ఆఫీసులో ఎవరు రాసినా ఒకలాగే ఉంటుంది. అందులో మీరూ ఉండరు, వాళ్లూ ఉండరు. అలాగని పేర్లు రాయడం మొదలుపెడితే ఎనిమిది పేర్లు రాశాక తొమ్మిదో మనిషి గుర్తొస్తారు, లేదా గుర్తురారు. తన పేరు లేని మనిషి ఆ మెయిల్‌ను ఎలా చదువుతారో ఒక్కసారి ఊహించుకోండి. దీనికి మంచి ఉపాయం, మనుషుల పేర్లకు బదులు వాళ్లు చేసిన పనిని తలచుకోవడం. ఫలానా రాత్రి సిస్టమ్ ఆగిపోయినప్పుడు తెల్లవారేదాకా కూర్చున్నవాళ్లు, కొత్తలో నా ప్రశ్నలకు పదేపదే ఓపికగా జవాబు చెప్పినవాళ్లు, అని రాస్తే ఆ పని చేసినవాళ్లందరూ తమను తామే గుర్తుపడతారు. ఎవరూ మిగిలిపోరు. అలాంటివి రెండు చాలు. నాలుగైతే అది సన్మానసభ ఉపన్యాసం అవుతుంది.

ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యంలో, పని ఎవరు చూస్తారో. ఆపైన మీ వివరాలు. వీటిని పేరా మధ్యలో కలిపేయకుండా విడి వరసల్లో పెట్టండి. వెతికే కన్ను నేరుగా అక్కడికే పోవాలి. కింద సంతకంలో పెడితే సరిపోదా అనిపించవచ్చు. సంతకం ఆఫీసుది, అందులో ఆఫీసు నంబరు ఉంటుంది, చదివేవాళ్లు ఏది పనిచేస్తుందో తెలియక తికమకపడతారు. ఈ ఒక్క మెయిల్‌కు పాత సంతకం తీసేయండి. వివరాలను బొమ్మగానో, స్కాన్ చేసే కోడ్‌గానో మాత్రమే పెట్టకండి. బొమ్మలోని అక్షరాలు సాధారణంగా మెయిల్ వెతుకులాటకు దొరకవు. అడ్రసును చేత్తో టైపు చేయకుండా, పనిచేస్తుందని తేలినచోటి నుంచి కాపీ చేసి అతికించండి. ఒక్క చుక్క జారితే ఈ మెయిల్ రాసిన ప్రయోజనమే పోతుంది, పైగా ఆ సంగతి మీకు ఎప్పటికీ తెలియదు.

మాధవి పెద్ద మెయిల్ ఇలా ఉండొచ్చు:

> అందరికీ నమస్కారం.
>
> బిల్లింగ్ విభాగంలో ఇవాళ నా ఆఖరి పనిరోజు. ఆరేళ్ల తర్వాత మీ దగ్గర సెలవు తీసుకుంటున్నాను.
>
> నేను చేరిన మొదటి నెలలో ఒక్కో ఇన్‌వాయిస్‌కు మూడేసి సార్లు వచ్చి సందేహాలు అడిగేదాన్ని. ఒక్కరోజు కూడా విసుక్కోకుండా చెప్పినవాళ్ల వల్లే ఈ పని నాకు వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారిన ఏడాది, లెక్కలు సరిపోక నెలాఖరు రాత్రి ఆఫీసులోనే కూర్చుని ప్రతి వరసనూ నాతోపాటు సరిచూసినవాళ్లను మరిచిపోలేను. అది మీరేనని మీకు తెలుసు.
>
> ఇకపై నా పనికి సంబంధించిన ఏ విషయమైనా బిల్లింగ్ టీమ్ మెయిల్‌కు రాయండి, వెంటనే చూస్తారు.
>
> ఈ ఆఫీసు మెయిల్ ఇవాళ సాయంత్రం నుంచి పనిచేయదు. ఆ తర్వాత నన్ను ఇక్కడ పలకరించండి:
>
> మెయిల్: madhavi@example.com
> లింక్డ్‌ఇన్: linkedin.com/in/ (నా పేరు)
>
> ఈ రెండింటిలో దేనికైనా ఒక్క ముక్క రాస్తే మీ అడ్రసు నా దగ్గర ఉంటుంది. తప్పకుండా జవాబిస్తాను.
>
> మీ అందరికీ మంచి జరగాలి.
>
> మాధవి

ఇందులో ఫోన్ నంబరు లేదు, గమనించండి. నలభైమందికి వెళ్లే మెయిల్ ఎక్కడెక్కడికి ఫార్వర్డ్ అవుతుందో మనకు తెలియదు. ఫోన్ నంబరు ఒకసారి బయటికిస్తే వెనక్కి తీసుకోలేం. మెయిల్, లింక్డ్‌ఇన్ పెద్ద మెయిల్‌కు చాలు. నంబరు దగ్గరివాళ్లకు రాసే చిన్న మెయిళ్లలో ఉంటుంది. "ఒక్క ముక్క రాస్తే" అన్న వాక్యం మాత్రం తీసేయకండి. వివరాలు ఇచ్చి ఊరుకుంటే ఎవరో కొద్దిమందే రాస్తారు. చిన్న పని ఒకటి చేయమని అడిగితే చేయడం తేలిక. కొన్ని ఆఫీసుల్లో పాత మెయిళ్లు కొంతకాలానికి వాటంతటవే తొలగిపోతాయి. మీ దగ్గర అలాంటి ఏర్పాటుంటే, "ఈ అడ్రసు మీ ఫోన్‌లో దాచుకోండి" అని ఇంకో మాట చేర్చండి.

మెయిల్‌లో ఉండకూడనివీ ఉన్నాయి. ఎందుకు వెళ్తున్నారో రాయకండి, అది ఎంత మంచి కారణమైనా సరే, ఉండిపోయేవాళ్లకు పోలికలా తోస్తుంది. వెళ్లే కంపెనీ పేరు రాయాలా వద్దా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అనుమానముంటే వదిలేయండి, ఎలాగూ లింక్డ్‌ఇన్‌లో తర్వాత తెలుస్తుంది. "మీరూ వచ్చేయండి" అన్న మాట సరదాకైనా వద్దు. సహోద్యోగులను వెంట తీసుకెళ్లకూడదనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, ఆ వాక్యం రాతపూర్వక సాక్ష్యమవుతుంది. కస్టమర్ల పేర్లు, లెక్కలు, ఇంకా బయటపడని ప్రాజెక్టుల సంగతులు ఈ మెయిల్‌లోకి రానివ్వకండి. మనసులో ఏదైనా నొప్పి ఉంటే దాన్ని హెచ్‌ఆర్‌తో ఆఖరి మాటల్లో చెప్పండి. ఈ మెయిల్ చదివేవాళ్లలో ఎక్కువమందికి ఆ నొప్పితో సంబంధం లేదు.

దగ్గరివాళ్లకు విడిగా

పెద్ద మెయిల్ కంటే ముందు ఇవి రాయండి. ఆఖరి గంటలకు వదిలేస్తే అందరికీ ఒకే మాటలు కాపీ చేసే పరిస్థితి వస్తుంది. ఇవి నాలుగు వాక్యాలు మించనక్కర్లేదు. వాళ్లకు తప్ప ఇంకెవరికీ పంపలేని వాక్యం ఒక్కటైనా ఉండాలి, అంతే. మేనేజర్‌కు మాధవి రాసింది చూడండి:

> సార్, నమస్కారం.
>
> మొదటిసారి ఆడిటర్ల ముందు కూర్చున్నప్పుడు నా గొంతు వణికింది. మీరు అందుకోకుండా, నేనే పూర్తిచేసేదాకా పక్కన నిశ్శబ్దంగా కూర్చున్నారు. ఆ రోజు నుంచే నాకు నామీద నమ్మకం కలిగింది. ఈ మాట మీకు ఎదురుగా చెప్పలేకపోయాను.
>
> నా సొంత నంబరు (దేశం కోడ్‌తో సహా ఇక్కడ). ఎప్పుడైనా ఫోన్ చేయండి. మేడమ్ గారికి నమస్కారాలు చెప్పండి.
>
> మాధవి

ఇలా రాయడానికి ఏమీ తోచని మనిషైతే, వాళ్లకు విడిగా రాయాల్సిన అవసరం బహుశా లేదు. పెద్ద మెయిల్ వాళ్లకు సరిపోతుంది. ఆఫీసులో మిమ్మల్ని రోజూ చూసుకున్నా మెయిల్ లేనివాళ్లుంటారు, కాపలా కాసేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, టీ తెచ్చేవాళ్లు. వాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లి చెప్పండి. నంబరు ఇవ్వాలనుకుంటే చీటీ మీద రాసివ్వండి.

ఏ సమయానికి పంపాలి

మెయిల్ ఆగిపోయే గంట తెలుసుకున్నారు కదా, అక్కడి నుంచి కనీసం మూడు గంటలు వెనక్కి లెక్కపెట్టండి. సాయంత్రం ఐదుకు ఆగిపోతుందంటే మధ్యాహ్నం రెండు లోపు పంపాలి. చదివినవాళ్లు వెంటనే జవాబు రాస్తారు, ఆ జవాబులు ఆఫీసు మెయిల్‌కే వస్తాయి. వాటిని మీరు చదవాలి, కొందరికి తిరిగి రాయాలి, కొందరు సీటు దగ్గరికి వస్తారు. ఆఖరి అరగంటలో పంపితే ఆ జవాబులన్నీ మూసిన తలుపు బయట పడతాయి. అలాగని ముందురోజే పంపితే వెళ్లిపోయారనుకుని పని మెయిళ్లలో మిమ్మల్ని వదిలేస్తారు, అప్పగింతలు చిక్కుపడతాయి. వేరే కాలమానంలో ఉన్న టీమ్ ఉంటే వాళ్లకు మాత్రం వాళ్ల పనివేళలు చూసి విడిగా పంపండి.

జవాబులు నేరుగా సొంత మెయిల్‌కు వచ్చే ఏర్పాటు కొన్ని మెయిల్ సాఫ్ట్‌వేర్లలో ఉంది. పాత తరహా అవుట్‌లుక్‌లో Options కింద Direct Replies To అని కనబడుతుంది. వాడొచ్చు, కానీ ఆఫీసు నిబంధనలు బయటి అడ్రసులకు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోండి. ఒప్పుకోకపోతే దాని జోలికి పోకండి, మెయిల్‌లో రాసిన అడ్రసు చాలు.

పంపే ముందు సొంత మెయిల్‌కు కాకుండా పక్కవాళ్లకు ఒకసారి పంపించి చూడండి. లింకు నొక్కితే తెరుచుకుంటోందా, అడ్రసు నొక్కితే సరైన అడ్రసుకే కొత్త మెయిల్ తెరుచుకుంటోందా అన్నది వాళ్ల స్క్రీన్ మీదే తెలుస్తుంది. కాపీ చేసినప్పుడు పైకి ఒక అడ్రసు, లోపల లింకులో పాత అడ్రసు మిగిలిపోవడం తరచూ జరిగేదే.

మెయిల్ వెళ్లాక, ఖాతా మూసేలోపు ఆటోమేటిక్ జవాబు కూడా పెట్టండి: పని విషయాలకు టీమ్ మెయిల్ ఏదో, అంతే. అందులో సొంత వివరాలు పెట్టొద్దు, అది ప్రకటనల మెయిళ్లకూ, ముక్కూమొహం తెలియనివాళ్లకూ వెళ్తుంది. ఖాతా మూశాక కూడా ఇలాంటి జవాబు కొన్నాళ్లు ఉండేలా ఐటీవాళ్లు ఏర్పాటు చేయగలరేమో అడిగి చూడండి.

ఆ తర్వాతి వారం

సొంత మెయిల్‌కు వచ్చిన ప్రతి ఉత్తరానికీ వారంలోపు జవాబివ్వండి, రెండు వాక్యాలైనా సరే. స్పామ్ ఫోల్డర్ రోజూ ఒకసారి చూడండి. రాసినవాళ్ల పేరు, అడ్రసు ఫోన్‌లో దాచుకుంటూ, ఏ ఆఫీసులో ఏ టీమ్‌లో కలిసి పనిచేశారో పక్కన రాసుకోండి. కొన్నేళ్లు గడిస్తే పేర్లు కలిసిపోతాయి. ఎవరైనా తప్పకుండా రాస్తారనుకున్న మనిషి రాయకపోతే, నొచ్చుకోకుండా లింక్డ్‌ఇన్‌లో మీరే పలకరించండి. మీ మెయిల్ వచ్చిన రోజు వాళ్లు సెలవులో ఉండి ఉండొచ్చు. తిరిగొచ్చేసరికి అది వందల మెయిళ్ల కింద పడిపోయి ఉంటుంది.